"కొన్నవారికి 10 ఎంట్రీలు" అని గివ్‌అవే పెట్టొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, నేను ఇన్‌స్టాగ్రామ్‌లో హ్యాండ్‌బ్యాగులు అమ్ముతాను. ఒక బ్యాగు గివ్‌అవే పెడదామని క్యాప్షన్ రాసుకున్నాను: "మా పేజీ ఫాలో అవ్వండి, ముగ్గురిని ట్యాగ్ చేయండి. ఈ వారం బ్యాగు కొన్నవాళ్లకి అదనంగా 10 ఎంట్రీలు. వీకెండ్ వరకే! లక్కీ విన్నర్‌ని త్వరలో ప్రకటిస్తాం." దీనివల్ల చట్టపరంగా ఏమైనా ఇబ్బంది వస్తుందా?

జవాబు: ఇలాగే పోస్ట్ చేస్తే వస్తుందండి. పెట్టే ముందే అడిగారు కాబట్టి సరిచేసుకోవడం తేలిక.

అన్నిటికన్నా ముందు తీసేయాల్సింది "కొన్నవాళ్లకి 10 ఎంట్రీలు" అన్న మాట. బహుమతి ఉండి, దాన్ని అదృష్టం తేల్చి, పాల్గొనడానికి డబ్బు కట్టాల్సి వస్తే దాన్ని లాటరీ అంటారు. మీ క్యాప్షన్‌లో మొదటి రెండూ ఎలాగూ ఉన్నాయి. బ్యాగు కొంటే గెలిచే అవకాశం పెరుగుతుంది అనగానే మూడోది కూడా వచ్చి చేరింది. ప్రైవేటు వ్యక్తులు లాటరీ నడపడం భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ కింద నేరం. అలాంటి లాటరీలో వస్తువు ఇస్తామని ప్రచురించినందుకు కూడా అదే సెక్షన్‌లో 5,000 రూపాయల వరకు జరిమానా ఉంది. అంటే డ్రా తీయకముందే, క్యాప్షనే మీకు వ్యతిరేకంగా సాక్ష్యం అవుతుంది. "కొనకుండా కూడా పాల్గొనవచ్చు కదా" అని వాదించే వీలుంది. కానీ ఒక బ్యాగు కోసం ఆ వాదన దాకా వెళ్లే టెన్షన్ ఎందుకు? కొనుగోలు మాటే ఎత్తకండి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కూడా చూసుకోవాలి. అమ్మకాలు పెంచుకోవడానికి పెట్టే పోటీలు, లక్కీ డ్రాలను ఆ చట్టం 2(47) సెక్షన్ అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. అందులోని మాటల పరిధి చాలా విస్తృతం, నైపుణ్యంతో గెలిచే పోటీలను కూడా వదల్లేదు. అందువల్ల ఎంత జాగ్రత్తగా రాసినా రిస్కు పూర్తిగా పోతుందని నేను చెప్పను. ప్రవేశం ఉచితంగా ఉండి, విజేతను చీటీతో కాకుండా జవాబు బాగుండటాన్ని బట్టి ఎంచుకుంటే మాత్రం లాటరీ అనే మాట నిలబడదు, మోసపోయామని ఫిర్యాదు చేసేవాళ్లకు పట్టు దొరకదు. మీకు నా సలహా అదే: "లక్కీ" అన్న మాట తీసేసి ఒక ప్రశ్న అడగండి.

ఇప్పుడు "వీకెండ్ వరకే" సంగతి. క్యాప్షన్‌ను మనం ప్రకటన అనుకుంటాం, చట్టం మాత్రం దాన్ని ఆఫర్‌గా చూసే అవకాశం ఉంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872 ఎనిమిదో సెక్షన్ ప్రకారం, ఆఫర్‌లో చెప్పిన షరతులు నెరవేర్చడమే దాన్ని అంగీకరించడం. ఇంగ్లండులో 1892లో తేలిన కార్బాలిక్ స్మోక్ బాల్ కేసును లా చదివినవాళ్లెవరూ మరచిపోరు. మా మందు చెప్పినట్టు వాడినా ఫ్లూ వస్తే 100 పౌండ్లు ఇస్తామని ఒక కంపెనీ పేపర్లో వేసింది. వాడిన ఒకావిడకు ఫ్లూ వచ్చింది. అది ఉత్త ప్రచారమేనని కంపెనీ వాదించినా కోర్టు వినలేదు, డబ్బు కట్టించింది. మీ పోస్ట్ కింద పద్ధతి ప్రకారం కామెంట్ పెట్టినవాళ్లు కూడా అలాగే తమ వంతు పూర్తి చేసినట్టు. ఆ తర్వాత ఎంట్రీలు తక్కువ వచ్చాయని గడువు పెంచినా, షరతు మార్చినా వాళ్లకు అడిగే హక్కు వస్తుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక తగాదా ఇలాంటిదే. క్యాప్షన్‌లో "ఆదివారం వరకు" అని ఉంది. నిర్వాహకురాలు సాయంత్రం ఆరింటికే కామెంట్లు ఆపి విజేతను ఎంచేశారు. రాత్రి పదింటికి జవాబు పెట్టబోయిన ఒకరు "ఆదివారం ఇంకా అయిపోలేదు కదా" అని స్క్రీన్‌షాట్‌తో సహా నిలదీశారు. అలా నిలదీయడంలో తప్పేమీ లేదు. చివరికి రెండో బహుమతి ఇచ్చి సర్దుకున్నారు. తేదీ పక్కన గంట, నిమిషం రాసి ఉంటే ఆ ఖర్చు తప్పేది.

"త్వరలో ప్రకటిస్తాం" అన్నది కూడా చిన్న విషయం కాదు. ఉచిత బహుమతుల పథకం ముగిశాక తుది ఫలితాన్ని పాల్గొన్నవాళ్లకు చెప్పకుండా దాచడాన్ని 2(47) సెక్షన్ విడిగా తప్పు పట్టింది. పత్రికలో ప్రకటించిన పథకమైతే సమంజసమైన సమయంలో అదే పత్రికలో ఫలితం ప్రముఖంగా వేయాలని వివరణ కూడా ఇచ్చింది. అదే సూత్రం పాటించి, పోటీ పెట్టిన పేజీలోనే ఫలితం పోస్ట్‌గా పెట్టండి. స్టోరీలో పెడితే 24 గంటల్లో కనబడకుండా పోతుంది, అది చాలదు.

ట్యాగుల విషయానికొస్తే, ఫొటోలో లేనివాళ్లను ఆ ఫొటోలో ట్యాగ్ చేయమని అడగడాన్ని ఇన్‌స్టాగ్రామ్ నియమాలు ఒప్పుకోవు. ఈ పోటీతో ఇన్‌స్టాగ్రామ్‌కు సంబంధం లేదని, దానిపై ఎలాంటి బాధ్యతా మోపబోమని పాల్గొనేవాళ్లు ఒప్పుకోవాలని కూడా అవి అడుగుతాయి. ముగ్గురిని ట్యాగ్ చేయడం పూర్తిగా వదిలేయడమే మంచిది.

మీ క్యాప్షన్‌ను నేనైతే ఇలా రాస్తాను:

"ఫొటోలోని గోధుమరంగు హ్యాండ్‌బ్యాగు ఒకరికి ఉచితం. ఏమీ కొననక్కర్లేదు. పాల్గొనాలంటే మా పేజీని ఫాలో అయ్యి, ఈ ప్రశ్నకు రెండు వాక్యాల్లో కామెంట్ పెట్టండి: మీ బ్యాగులో ఎప్పుడూ ఉండే ఒక వస్తువు ఏది, ఎందుకు? ఒకరికి ఒక్క ఎంట్రీ. భారతదేశంలో ఉంటున్న, 18 ఏళ్లు నిండినవారికి మాత్రమే. మా ఉద్యోగులు, కుటుంబ సభ్యులు అర్హులు కారు. గడువు: మార్చి 15 రాత్రి 11:59, భారత కాలమానం. జవాబులో కొత్తదనం, స్పష్టత చూసి ఇద్దరు న్యాయనిర్ణేతలు విజేతను ఎంపిక చేస్తారు. ఫలితం మార్చి 18 సాయంత్రం 6 గంటలకు ఇదే పేజీలో పోస్ట్‌గా వస్తుంది. విజేత 72 గంటల్లో మెసేజ్ చేయకపోతే తర్వాతి మంచి జవాబుకు బహుమతి వెళ్తుంది. డెలివరీ ఖర్చు మాదే. మేము ఎవరినీ డబ్బు, ఓటీపీ అడగం. ఈ పోటీని ఇన్‌స్టాగ్రామ్ నిర్వహించడం లేదు, స్పాన్సర్ చేయడం లేదు, దీనితో దానికి సంబంధం లేదు. పాల్గొనేవారు దాన్ని అన్ని బాధ్యతల నుంచి విముక్తం చేస్తున్నట్టే."

ఓటీపీ మాట ఊరికే చేర్చలేదు. గివ్‌అవే మొదలవగానే మీ ఫొటో, మీ పేరుతో నకిలీ ఖాతాలు తెరిచి, కామెంట్ పెట్టినవాళ్లకు "మీరే గెలిచారు, డెలివరీ చార్జీ పంపండి" అని మెసేజ్‌లు పెట్టే మోసగాళ్లు ఉంటారు. డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ముందు మీ మీదికే వస్తారు. ఆ ఒక్క వాక్యం వాళ్లను కాపాడుతుంది, మిమ్మల్నీ కాపాడుతుంది. ఫలితం ఏ తేదీన, ఏ గంటకు, ఎక్కడ వస్తుందో ముందే తెలిస్తే, దానికి ముందు వచ్చే ఏ మెసేజ్ అయినా నకిలీదని ఎవరైనా పట్టేస్తారు.

18 ఏళ్ల షరతు ఎందుకంటే, మైనర్‌తో ఒప్పందం చెల్లదు. పైగా విజేత అడ్రసు, ఫోన్ నంబరు మీ దగ్గరికి వస్తాయి. వాటిని బ్యాగు పంపడానికి తప్ప మార్కెటింగ్‌కు వాడకండి, బ్యాగు అందాక తీసేయండి.

బ్యాగు విలువ 10,000 రూపాయలు దాటుతుందేమో కూడా చూసుకోండి. దాటితే గెలిచిన బహుమతి మీద 30 శాతం పన్ను మాట వస్తుంది. బహుమతి వస్తు రూపంలో ఉన్నప్పుడు, పన్ను కట్టారని తేల్చుకున్నాకే దాన్ని విజేత చేతికి ఇవ్వాలి. మీ బ్యాగు అంతకన్నా తక్కువదే అయితే ఈ బాధ లేదు.

గడువు ముగిసిన నిమిషమే కామెంట్లన్నీ స్క్రీన్ రికార్డ్ చేసి పెట్టుకోండి. ఇద్దరు న్యాయనిర్ణేతలు వేసిన మార్కుల కాగితం, కొరియర్ రసీదు కూడా దాచండి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంటుంది, అప్పటిదాకా ఆ పోస్ట్‌ను, ఫలితం పోస్ట్‌ను తీసేయకండి.