లండన్‌లో మినీక్యాబ్ నడపబోతున్న మా అన్న కొడుక్కి

చిరంజీవి చిన్నాకి,

మినీక్యాబ్ లైసెన్సు చేతికొచ్చిందనీ, వచ్చే సోమవారం నుంచి అద్దె కారుతో లండన్ రోడ్డెక్కుతున్నాననీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషమే. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనవాళ్లను ఇక్కడ నష్టపరిచేది పెట్రోలు కాదురా, ఇంటికొచ్చే పీసీఎన్ అనే జరిమానా కాగితాలు.

బస్ లేన్ పక్కన నీలం బోర్డు ఉంటుంది. దాని మీద బస్సు, సైకిలు బొమ్మలు, టాక్సీ అన్న మాట ఉంటాయి. ఆ టాక్సీ అంటే నల్ల క్యాబ్, నీ కారు కాదు. ప్యాసింజర్ని ఎక్కించుకోవడానికో దింపడానికో నువ్వు లోపలికి రావచ్చు. అంతకు మించి ఆ లేన్ వెంట నడపకూడదు. దింపాల్సిన చోటికి దగ్గర్లో లోపలికి రా, దింపు, వెంటనే బయటికి పో. "రెండు నిమిషాల్లో వస్తున్నా" అన్న ప్యాసింజర్ కోసం అక్కడ ఆగితే అది ఎక్కించుకోవడం కాదు, వెయిటింగ్. బస్ స్టాప్ గీతల్లోకి మాత్రం అస్సలు వెళ్లకు.

మా రూమ్మేటు ఒకడు (పేరు చెప్పను, నీకూ తెలుసు) నాకంటే మంచి డ్రైవరు. కోవిడ్ టైములో విజయవాడ వెళ్లి, 2022 మొదట్లో తిరిగొచ్చి మళ్లీ క్యాబ్ మొదలుపెట్టాడు. రాత్రి షిఫ్టు. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే దారిలో ఒక రెడ్ రూట్, అంటే అంచున ఎర్ర గీతలున్న పెద్ద రోడ్డు, దాని మీద బస్ లేన్ ఉంది. పాత రోజుల్లో అది ఉదయం 7 నుంచి సాయంత్రం 7 వరకే, ఆ తర్వాత ఎవరైనా వాడుకోవచ్చు. వాడికి ఆ రోడ్డు కంఠతా వచ్చు, అందుకే బోర్డు వైపు చూడలేదు. ఈలోగా ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ వాళ్లు రెడ్ రూట్ల మీది బస్ లేన్లలో చాలావాటిని 24 గంటలవిగా మార్చేశారు, 2021 డిసెంబరుకల్లా అది శాశ్వతమైంది కూడా. బోర్డు మీద టైము లేదంటే రోజంతా అని అర్థం. వీడు రాత్రి పదింటికి హాయిగా అందులోంచే వెళ్లాడు, మర్నాడూ వెళ్లాడు.

కెమెరా అక్కడికక్కడ ఏమీ చెప్పదు కదా. కాగితం ముందు కారు ఓనరుకి, అంటే అద్దె కంపెనీకి పోతుంది. వాళ్లు తీరిగ్గా డ్రైవరు పేరు రాసి పంపాక వీడికి వచ్చింది. అప్పటికి అదే చోట ఆరుసార్లు పట్టుబడ్డాడు. ఒక్కోటి 160 పౌండ్లు, 14 రోజుల్లో కడితే 80. ఆరింటికి 480, కంపెనీ వాళ్ల అడ్మిన్ చార్జీలు వేరే. "ఇది నాకు పాత రోడ్డు" అని అప్పీలు రాశాడు. ఒప్పుకుంటారా? బోర్డు ఫొటో తిప్పి పంపారు. లైసెన్సు మీద పాయింట్లు పడవని మేమే ఓదార్చాం. కట్టకుండా ఊరుకుంటే 160 కాస్తా 240 అవుతుంది. అందుకే చెబుతున్నా, బోర్డు రోజూ కొత్తగా చదువు.

అంబులెన్సు వెనక సైరన్ వేసినా బస్ లేన్లోకి దూకేయకు. చోటు చూసి నెమ్మదిగా పక్కకి తీస్తే చాలు. తప్పనిసరై ఒక చక్రం పెట్టాల్సి వస్తే డాష్‌క్యామ్ వీడియో దాచు, అప్పీలుకి అదే ఆధారం.

డబ్బు సంగతి అయింది. నాకు అసలు భయం సైకిళ్లది. సైకిల్ లేన్ తెల్ల గీత తెగకుండా ఉంటే ఆ లేన్ అమల్లో ఉండే వేళల్లో అందులో నడపకూడదు, పార్కు చేయకూడదు. ముక్కల గీతైతే వీలైనంత వరకు వదిలెయ్యి. మధ్యలో రాతి అంచు కట్టిన ట్రాక్ అయితే దానివైపు చూడనే వద్దు. ఎడమకి తిరిగేటప్పుడు నేరుగా వచ్చే సైకిలుకి దారివ్వాలని 2022 నుంచి ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో స్పష్టంగా రాశారు, అద్దంలో ఒకసారి కాదు, రెండుసార్లు చూడు. అంతకన్నా ముఖ్యం, వెనక సీట్లో ఫోన్ చూసుకుంటున్న ప్యాసింజరు ఎడమ తలుపు టక్కున తెరుస్తాడు, అటు ట్రాక్ మీద ఎవరో పిల్ల ఇరవై మైళ్ల వేగంతో వస్తుంటుంది. తలుపు తెరిచినవాడిది నేరమైనా, ఆపిన చోటు నీదే కదరా! కారు ఆగగానే "ఒక్క నిమిషం సార్" అను. చైల్డ్ లాక్ వేసుకుని, అద్దం చూసి, నువ్వే తీసి దింపు. మొహమాటపడితే నా దగ్గర తిట్లు తింటావ్.

అద్దె కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక్కో పీసీఎన్‌కి వాళ్లు ఎంత వసూలు చేస్తారో అడుగు. ఆదివారం మా ఇంటికి రా, నీ కార్లోనే ఆ రోడ్లన్నీ ఒకసారి తిప్పి చూపిస్తా. పిన్ని గోంగూర పప్పు చేస్తానంటోంది.

మీ బాబాయ్