గిటార్ మీద హామర్-ఆన్, పుల్-ఆఫ్ సరిగ్గా వినిపించడం లేదు, స్ట్రింగ్ బెండ్ చేస్తే అపశ్రుతి వస్తోంది. వేళ్ళకు బలం పెరగడానికి ఎక్సర్‌సైజులు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, నేనూ చేశాను, దండగ. స్ప్రింగులున్న పిండే పరికరం ఒకటి కొనుక్కుని నెలల తరబడి నొక్కాను. పిడికిలి గట్టిపడింది, బెండ్ మాత్రం అలాగే ఉంది. నా లెక్కలో పదిమందిలో తొమ్మిది మందికి లోపం వేళ్ళలో ఉండదు, చెవిలో ఉంటుంది.

నాకు ఇది తెలిసొచ్చిన తీరు చెబుతాను. ఒక చిన్న సోలో వాయించి ఫోన్‌లో రికార్డ్ చేసి ఫ్రెండ్‌కి వినిపించాను. వాడు సగం విని, "గిటార్ ట్యూన్ చేసుకోలేదా?" అన్నాడు. గిటార్ ట్యూన్ లోనే ఉంది, అప్పుడే చూసుకున్నాను కూడా. ఒళ్ళు మండి ఇంటికొచ్చి ట్యూనర్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. మూడో తీగ మీద ఏడో ఫ్రెట్ అంటే D స్వరం. దాన్ని పూర్తి బెండ్ చేస్తే రెండు ఫ్రెట్లు పైన ఉండే E రావాలి. నా బెండ్ D షార్ప్ దాటి, E చేరకుండా మధ్యలోనే ఆగిపోతోంది. ప్రతిసారీ! వాయించేటప్పుడు మొహంలో భావం పలికించే హడావిడిలో అది నాకు వినపడనే లేదు.

ఆ రోజు నుంచి ఒకటే పద్ధతి. ముందు తొమ్మిదో ఫ్రెట్ నొక్కి E వాయించి, దాన్ని నోటితో పట్టుకుంటాను. ఆ కూనిరాగం ఆపకుండా ఏడో ఫ్రెట్ మీటి, నోట్లో ఉన్న స్వరం దాకా తీగను నెడతాను. వెంటనే మళ్ళీ తొమ్మిదో ఫ్రెట్ వాయించి సరిచూస్తాను. మొదట్లో ట్యూనర్ వైపు చూడొద్దు, చూస్తే కన్ను నేర్చుకుంటుంది కానీ చెవి నేర్చుకోదు.

ఇక నెట్టడం. ఉంగరపు వేలు ఏడో ఫ్రెట్ మీద, దాని వెనకే అదే తీగ మీద మధ్యవేలు ఆరులో, చూపుడువేలు ఐదులో ఉండాలి. మూడూ కలిసి నాలుగో తీగ వైపు నెట్టాలి. అయితే వేళ్ళను మడిచి, చాచి నెట్టకూడదు. బొటనవేలు మెడ పైనుంచి తొంగిచూస్తూ, చూపుడువేలి మొదలు మెడ కింది అంచుకు ఆని ఉంటే, తాళంచెవి తిప్పినట్టు మణికట్టు తిరుగుతుంది, వేళ్ళు దానితో పాటు వెళతాయి. అందుకే నా స్ప్రింగ్ పరికరం పనికిరాలేదు, అందులో తిప్పడం అనేదే లేదు. చూపుడువేలి కొసను నాలుగో తీగకు లేతగా తాకించి ఉంచండి, లేకపోతే బెండ్ దించేటప్పుడు అది గొణుగుతుంది.

బెండ్ కాస్త కుదిరాక గట్టి పరీక్ష ఒకటుంది. రెండో తీగ ఐదో ఫ్రెట్‌లో కూడా అదే E ఉంటుంది. దాన్ని చూపుడువేలితో పట్టుకుని, మిగతా రెండు వేళ్ళతో మూడో తీగను బెండ్ చేస్తూ రెండూ కలిపి మీటండి. శ్రుతి దగ్గరపడే కొద్దీ వావ్ వావ్ మంటూ ఊగే ధ్వని నెమ్మదిస్తుంది, కలిసిన చోట ఆగిపోతుంది. అక్కడ అబద్ధం చెప్పడానికి వీల్లేదు.

మోగుతున్న తీగ మీద ఇంకో వేలు వేసి పై స్వరం పలికించే హామర్-ఆన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పేరులో సుత్తి ఉందని అందరూ బలంగా కొడతారు. వేలు ఒక సెంటీమీటరు ఎత్తు నుంచి వేగంగా, ఫ్రెట్ కమ్మీకి సరిగ్గా వెనక, కొసతో పడితే చాలు. వీడియోల్లో మొదటి పాఠంలోనే స్పీడు నేర్పించే వాళ్ళకి ఈ ముక్క చెప్పడానికి తీరిక ఉండదు.

ఆ వేలు తీసేసి కింది స్వరం పలికించే పుల్-ఆఫ్‌లో మాత్రం ఒక దొంగ తప్పు ఉంది. వేలు నేరుగా పైకి ఎత్తేస్తే శబ్దం చచ్చిపోతుంది, అందుకని తీగను కాస్త నేల వైపు గీకుతూ వదలాలి. ఆ గీకే ఊపులో ఐదో ఫ్రెట్‌లో ఉన్న చూపుడువేలు కూడా కిందికి జారుతుంది. తీగ పక్కకి జరిగితే స్వరం పైకే పోతుంది కాబట్టి, కింది స్వరం కొంచెం ఎక్కువ శ్రుతిలో వస్తుంది. ఐదో ఫ్రెట్‌ను ముందు పిక్‌తో మీటి, తర్వాత ఏడు నుంచి ఐదుకి పుల్-ఆఫ్ చేసి, రెండూ ఒకేలా ఉన్నాయో లేదో వినండి. తేడా ఉంటే చూపుడువేలు కదులుతోందన్నమాట.

మీది అకూస్టిక్ అయితే పై బెండ్ జరక్కపోయినా దిగులు పడొద్దు. వాటిలో మూడో తీగకు మామూలుగా చుట్టు ఉంటుంది, లావు కూడా ఎక్కువ. దాని మీద ఒక ఫ్రెట్ ఎత్తు బెండ్‌తో సరిపెట్టుకుని, పూర్తి బెండ్ రెండో తీగ మీద చేసుకోండి.