సిరా ముందా, పగులు ముందా?

ప్రశ్న: 1983 ప్రపంచ కప్ జట్టు మొత్తం సంతకాలు చేసిన బ్యాట్ అంటూ ఒకాయన 60 వేలు అడుగుతున్నారు. ధ్రువపత్రం ఉంది, దాని మీద కపిల్ దేవ్ సంతకం చేస్తున్న ఫోటో కూడా ఉంది. సంతకం చేసిన పాత బంతి ఒకటి కలిపి ఇస్తారట. అసలువో కావో ఎలా తెలుసుకోవాలి?

జవాబు:

ధ్రువపత్రాన్ని కాసేపు పక్కన పెట్టి, బ్యాట్‌ను పగటిపూట కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుగు పక్క నుంచి పడేలా ఏటవాలుగా పట్టుకోండి. ఇది చెప్పడానికి నాకున్న అర్హత ఒక్కటే, సరిగ్గా ఇలాంటి బ్యాట్‌నే 2009లో హైదరాబాద్‌లో ఒక వ్యాపారి దగ్గర 22 వేలు పోసి కొన్నాను. ఆ జట్టు మేనేజరు పి.ఆర్. మాన్‌సింగ్ మన హైదరాబాద్ వారే కదా, ఇలాంటివి ఈ ఊళ్లో దొరకడంలో వింతేముందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ బ్యాట్ ఇప్పుడు మా బీరువా మీద ఉంది. ఎవరైనా సంతకాల బ్యాట్ కొంటామంటే దింపి చూపిస్తుంటాను.

వ్యాపారి చెప్పిన కథ ప్రకారం ఆ బ్యాట్‌తో ఎవరూ ఆడలేదు. 1983లో కొత్తగా ఉన్నప్పుడే పద్నాలుగు మంది సంతకాలు చేశారు, అప్పటి నుంచి ఇంట్లో భద్రంగా ఉంది. కర్ర నిజంగానే పాతది. పసుపు తిరిగింది, ఎండిపోయి కింది భాగంలో సన్నని నిలువు పగుళ్లు వచ్చాయి. హ్యాండిల్ రబ్బరు అంచు వేలెడంత పైకి లేపితే లోపల కర్ర తెల్లగానే ఉంది. టీ డికాక్షన్‌తోనో బూటు పాలిష్‌తోనో పాతగా చేసినదైతే రంగు పగుళ్లలో, అడుగున కోసిన అంచులో ముదురుగా పేరుకుంటుంది, స్టిక్కరు అంచుల కిందికి కూడా పాకుతుంది. అవేవీ కనిపించకపోవడంతో నేను నిశ్చింతగా ఉండిపోయాను. అక్కడే దెబ్బతిన్నాను.

ఆరు నెలల తర్వాత, కంసాలులు వాడే పది రెట్ల లెన్సు ఒకటి చేతికి వచ్చి, సరదాగా ఆ సంతకాల మీద పెట్టాను. కింద వరసలో ఒక సంతకం తోక పగులును దాటి వెళ్తుంది. కథ నిజమైతే సిరా ముందు, పగులు తర్వాత. అంటే గీత పగులు దగ్గర తెగిపోవాలి, రెండు అంచుల మీదా సిరా ఆగిపోయి లోపల ఉత్త కర్ర కనిపించాలి. నా బ్యాట్‌లో సిరా పగులులోకి దిగి, దాని వెంబడే కిందికి రెండు మూడు మిల్లీమీటర్లు పారింది. తడి సిరా పారాలంటే అప్పటికే అక్కడ పగులు ఉండాలి. ఎనభైల నాటి పాత బ్యాట్‌ను ఎక్కడో కొని, దాని మీద ఈమధ్యే సంతకాలు గీశారన్నమాట. మార్కెట్లో ఎక్కువగా తిరిగే మోసం ఇదే. కర్ర వయసు అసలుది, సిరా వయసు దొంగది.

కాబట్టి మొదట అమ్మేవారి కథను పూర్తిగా చెప్పించుకోండి. ఆ తర్వాత బ్యాట్ మీద ఏది ముందు, ఏది తర్వాత అన్నది కథతో సరిపోతుందా చూడండి. మ్యాచ్ ఆడాక సంతకం చేయించామంటే, బంతి తగిలిన ఎర్ర మరకల మీదుగా సిరా వెళ్లడం సహజమే. ఆడని బ్యాట్ అన్నప్పుడు మాత్రం దుమ్ము, పగులు రెండూ సిరా తర్వాత రావలసినవి.

సిరా రంగును చూసి తొందరపడకండి. వెలుగు తగిలిన నల్ల మార్కర్ ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగులోకో ఊదాలోకో తిరుగుతుంది. చీకట్లో దాచినది నల్లగానే ఉండవచ్చు. అయితే గోడకు వేలాడదీసిన బ్యాట్ అని చెబుతూ, కర్ర పసుపెక్కి సిరా మాత్రం నిగనిగలాడుతుంటే అడగాల్సిందే. లెన్సులో ఇంకొకటి కూడా తెలుస్తుంది. చేత్తో పెట్టిన సంతకంలో రెండు గీతలు కలిసే చోట సిరా కాస్త చిక్కబడుతుంది, పూత లేని కర్ర మీద అంచులు కర్ర గీతల వెంట కొద్దిగా పాకుతాయి. అంతటా ఒకే చిక్కదనం, సన్నని చుక్కల వరస కనిపిస్తే అది అచ్చు వేసినది.

స్పిరిట్ దూదితో రుద్దితే పోలేదు చూడండి అని ఎవరైనా పరీక్ష చేసి చూపిస్తే నమ్మవద్దు. మామూలు మార్కర్‌తో పెట్టిన అసలు సంతకమే స్పిరిట్‌కు చెదిరిపోతుంది. చెదరనిది అచ్చయినా కావచ్చు, పైన వార్నిష్ వేసినదైనా కావచ్చు.

ఇక ఫోటో. నా ధ్రువపత్రం మీద కూడా కపిల్ సంతకం చేస్తున్న ఫోటో ఉంది, అది నకిలీ ఫోటో కాదు. కాకపోతే ఆ ఫోటోలోని బ్యాట్ నా బ్యాట్ కాదు. విల్లో కర్ర మీద నిలువుగా కనిపించే గీతలను గ్రెయిన్లు అంటారు. వాటి సంఖ్య, ఎడం, మధ్యలో ఎక్కడైనా ఉండే మచ్చ, ఇవన్నీ ఏ బ్యాట్‌కు ఆ బ్యాట్‌కే ప్రత్యేకం, మన వేలిముద్రల్లాగా. ఫోటోను పెద్దది చేసి లెక్కపెడితే ఏడు గ్రెయిన్లు వచ్చాయి. నా బ్యాట్‌కు తొమ్మిది. పైగా ఫోటోలో ఆయన చేతిలో ఉన్నది నల్ల మార్కర్, నా బ్యాట్ మీద ఆయన సంతకం నీలం. ఇంత చిన్న విషయం కొనేటప్పుడు ఎందుకు కనిపించలేదంటే, నేను చూసింది కపిల్ ముఖాన్ని! ఒకే ఫోటోను వందల ధ్రువపత్రాల మీద వేసుకోవచ్చు. హోలోగ్రాం స్టిక్కరు ఉన్నా అంతే, అది పత్రానికి ఎంత గట్టిగా అతుక్కుందన్నది కాదు, ఆ పత్రం ఈ బ్యాట్‌దేనా అన్నది ప్రశ్న.

ధ్రువపత్రం మీద తేదీ చూడటం మరవకండి. జట్టు సంతకాలు తర్వాతి వేడుకల్లో చేయించినవీ ఉంటాయి, అవి అసలువే అయినా 1983 నాటివి కావు, ధర కూడా ఆ లెక్కనే ఉండాలి. యశ్‌పాల్ శర్మ 2021 జూలై 13న కన్నుమూశారు. గెలిచి నలభై ఏళ్లయిన 2023 వేడుకలో పద్నాలుగు మందీ చేశారని పత్రంలో రాసి ఉంటే అక్కడితో పని ముగిసింది.

బంతి విషయంలోనూ ముందూ వెనకల లెక్కే. కొత్త బంతి మీద పెట్టిన సంతకం పాలిష్ పైన ఉంటుంది. తోలు ఎండి బీటలు వారినప్పుడు గీత కూడా బీటతో పాటు ముక్కలవుతుంది. బీటల్లోకి సిరా దిగి ఉంటే పాత బంతి మీద ఈమధ్య రాసినదే. 1983 ఫైనల్ బంతి అంటూ తెల్లది చూపిస్తే నవ్వి వచ్చేయండి, ప్రపంచ కప్‌లో తెల్ల బంతి 1992లోనే మొదలైంది.

వీటన్నిటితో నకిలీని పట్టుకోవచ్చు గానీ, అసలుదని రుజువు చేయలేరు. 1983లోనే ఎవరో ఒకరు కూర్చుని అందరి సంతకాలూ చేసేసి ఉంటే సిరా, పగులు అన్నీ సరిగ్గానే కుదురుతాయి. అప్పుడు ఆ ఏళ్ల నాటి ఖాయమైన సంతకాలను పక్కన పెట్టి ఒక్కొక్కటీ పోల్చాల్సిందే. పద్నాలుగు పేర్లలోనూ కలం వేగం, ఒత్తిడి ఒకేలా ఉంటే నాకు అనుమానం వస్తుంది. నా బ్యాట్‌లో అన్ని సంతకాలూ ఒకే వాలున, కాపీ పుస్తకంలో రాసినట్టు ఉన్నాయి.

డబ్బు ఇచ్చే ముందు అమ్మే ఆయన్ని మూడు ఫోటోలు అడగండి. ఏటవాలు వెలుగులో బ్యాట్ ముఖం మొత్తం, పగులునో మరకనో దాటే ఒక సంతకం బాగా దగ్గర నుంచి, రబ్బరు లేపిన హ్యాండిల్ అంచు. వాటిని ఇక్కడ పెడితే నేనూ చూసి చెబుతాను.