టెక్ సందేహాలు: అమ్మిన కారు, అమ్మని తాళం

ప్రశ్న: నాలుగు నెలల క్రితం విశాఖపట్నంలో ఒకరి దగ్గర సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. మొన్న రాత్రి ఆయనే ఫోన్ చేసి, "మీ కారు తలుపులు లాక్ కాలేదండీ, నేనే వేసేశాను" అన్నారు. కారు మా ఇంటి ముందే ఉంది. కొన్నరోజే కారు తెరలో ఫ్యాక్టరీ రీసెట్ చేశాను, లొకేషన్ కూడా ఆపేశాను. అయినా ఆయనకు ఎలా కనిపిస్తోంది?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ఆయన మంచివారు కాబట్టి ఫోన్ చేసి చెప్పారు. చూస్తూ కూడా చెప్పనివారి గురించే నా బెంగ. గుణుపురం, రాయగడ, బరంపురం నుంచి కూడా ఇలాంటి ఉత్తరాలే వస్తున్నాయి. అందరూ మీలాగే రీసెట్ నొక్కి నిశ్చింతగా ఉన్నవారే.

రీసెట్ తుడిచేది తెరను మాత్రమే. పాత ఓనరు జత చేసిన ఫోన్లు, అందులోంచి దిగిన కాంటాక్టులు, ఇల్లు ఆఫీసు చిరునామాలు పోతాయి. కారు ఆచూకీ పంపేది తెర కాదు, డ్యాష్‌బోర్డు లోపల ఎక్కడో బిగించిన టెలిమాటిక్స్ పెట్టె. దానికి సొంత సిమ్, సొంత జీపీఎస్ ఉంటాయి. మన ఫోను నంబరుకు 10 అంకెలైతే ఇలా యంత్రాల్లో ఉండే సిమ్‌లకు మన దేశంలో 13 అంకెలు. మీ ఫోన్ ఆపేసినా, మీకు ఫోనే లేకపోయినా దాని పని దానిదే. ఆ పెట్టె కంపెనీ సర్వర్‌తో మాట్లాడుతుంది. ఈ ఛాసిస్ నంబరు కారు ఫలానా వారి యాప్ ఖాతాది అన్న లెక్క ఆ సర్వర్‌లో ఉంటుంది. మీ రీసెట్ ఆ లెక్క జోలికి వెళ్లలేదు. మీరు ఆపిన లొకేషన్ స్విచ్ కూడా చాలా మోడళ్లలో తెరలోని మ్యాపులకూ వాయిస్ సహాయానికీ సంబంధించినదే.

ఇదేమీ కొత్త లోపం కాదు. 2017లో ఐబీఎం భద్రతా విభాగానికి చెందిన చార్లెస్ హెండర్సన్ తన అనుభవమే చెప్పారు. కారు అమ్మేటప్పుడు రీసెట్ చేసి ఇచ్చారు, అయినా అది ఏళ్ల తరబడి ఆయన ఫోన్లో కనిపిస్తూనే ఉంది, తలుపులు తెరవగలిగే స్థితిలో. ఆ పని చేస్తున్నది భద్రతా నిపుణుడు. ఇన్నేళ్లు గడిచాక కూడా "మొత్తం సమాచారం తొలగిపోతుంది" అని తెర మీద రాసి, సర్వర్ సంగతి మాట మాత్రంగానైనా చెప్పని రీసెట్ బటన్లు వస్తున్నాయంటే అది నిర్లక్ష్యం. "ఈ కారు ఇంకా ఒక ఖాతాకు కలిసి ఉంది" అని ఒక్క వాక్యం చూపించడానికి ఎంత ఖర్చవుతుంది?

తలుపులు వేయగలిగిన చేయి తెరవగలదు కూడా. మోడల్‌ను బట్టి కారు ఇప్పుడు ఎక్కడుంది, నిన్న ఎక్కడెక్కడ ఆగింది, ఎంత వేగంతో వెళ్లింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అన్నీ ఆ యాప్‌లో ఉంటాయి. మ్యాపు మీద గీత గీసి, కారు దాన్ని దాటగానే తనకు సందేశం వచ్చేలా పెట్టుకోవచ్చు. మీరు ఇంట్లో లేని వేళలు తెలుసుకోవడానికి అది చాలు. కొండ దారుల్లో సిగ్నల్ ఉండదు కదా అని ధైర్యపడకండి. చాలా పెట్టెలు అప్పటిదాకా నమోదు చేసుకుని, సిగ్నల్ అందగానే ఒక్కసారిగా పంపేస్తాయి.

విరుగుడు అమ్మినవారి ఫోన్లో ఉంది. ఆయన యాప్ తెరిచి ఈ కారును ఖాతా నుంచి తొలగించాలి. లాగౌట్ అయితే చాలదు, యాప్‌ను ఫోన్ నుంచి తీసేసినా చాలదు, ఆ లెక్క అలాగే ఉంటుంది. తొలగించేముందు కుటుంబ సభ్యులకు ఇచ్చిన అనుమతులు, ఫోన్‌నే తాళంగా వాడే సౌకర్యం ఉంటే ఆ డిజిటల్ తాళాలు కూడా రద్దు చేయమనండి. బావమరిది ఫోన్లో మిగిలిన అనుమతి సంగతి ఆయనకే గుర్తుండకపోవచ్చు. తర్వాత పరీక్ష: వీడియో కాల్‌లో ఆయన యాప్ మళ్లీ తెరవాలి, కారు కనిపించకూడదు. ఆ వెంటనే మీరు మీ పేరుతో నమోదు చేసుకోండి. "ఈ వాహనం ఇప్పటికే నమోదైంది" అని వస్తే పాత ముడి తెగలేదన్నమాట.

ఆయన అందుబాటులో లేకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కు మీ ఆర్సీ పంపి ముడి తెంచమనాలి. సరిహద్దులో చిక్కు ఇక్కడే వస్తుంది. ఆంధ్రా నంబరు కారు కొని, ఎన్ఓసీ తెచ్చుకోవడం, ఒడిశాలో మళ్లీ రోడ్డు ట్యాక్స్ కట్టడం ఎందుకులే అని ఏపీ 39 ప్లేటుతోనే తిరిగేవారు మీ వైపు తక్కువేమీ కాదు. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం అంటుంది. ఆ ఏడాది గడువును చాలామంది పేరు మార్పుకు కూడా గడువు అనుకుంటారు. అది పొరపాటు. వేరే రాష్ట్రం వారికి అమ్మితే అమ్మినవారు 45 రోజుల్లోపే ఆ కాగితాలు నడపాలి. ఆర్సీ ఆయన పేరుతో ఉన్నంతకాలం కంపెనీ దృష్టిలో ఓనరు ఆయనే. మీరు ఎంత మొత్తుకున్నా వారు ముడి తెంచరు, తెంచకూడదు కూడా. తెంచితే రేపు కారు దొంగ కూడా ఫోన్ చేసి అదే అడుగుతాడు. కాబట్టి మీ గోప్యత సెట్టింగ్ సగం రవాణా కార్యాలయంలో ఉంది.

ఖాతా మీ పేరుకు మారాక పాత ఓనరు కన్ను పోతుంది, కంపెనీ కన్ను మిగులుతుంది. యాప్‌లో గోప్యత, సమ్మతి లేదా డేటా పంచుకోవడం అన్న పేజీ ఉంటుంది, సాధారణంగా నాలుగు మెట్లు దిగితే గాని కనపడదు. అందులో డ్రైవింగ్ స్కోరు, మార్కెటింగ్, బయటి సంస్థలతో పంచుకోవడం ఆపేయండి. డ్రైవింగ్ స్కోరు ఆటలా కనిపిస్తుంది. అమెరికాలో ఒక తయారీదారు అలాంటి సౌకర్యం పేరుతో కొన్ని కార్ల ఆచూకీని 3 సెకన్లకోసారి సేకరించిందనీ, సరైన సమ్మతి లేకుండానే వివరాలు అమ్మిందనీ అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో ఆరోపించింది. ఆ వివరాలు బీమా ధరల దాకా వెళ్లాయి.

లైవ్ లొకేషన్ కూడా ఆపాలా అంటే, కారు పోయినప్పుడు వెతికే సౌకర్యం దానితోపాటే పోతుంది. వీధిలో నిలిపే కారైతే నేను ఉంచుతాను. పెట్టె ఫ్యూజు పీకేయమనే సలహాలు వీడియోల్లో తిరుగుతున్నాయి. వినకండి. అత్యవసర కాల్ బటన్ చచ్చిపోవచ్చు, వారంటీ దగ్గర పేచీ రావచ్చు. మీది ట్యాక్సీ అయితే ఈ చర్చే లేదు, ప్రయాణికుల వాహనాల్లో ట్రాకర్ నిబంధన ప్రకారం ఉండాల్సినదే.

స్టీరింగు కింద, మెకానిక్ తన యంత్రం తగిలించి కారు లోపాలు చూసే ఓబీడీ పోర్టు కూడా ఒకసారి టార్చి వేసి చూడండి. పాత కార్ల వ్యాపారులూ, అప్పిచ్చినవారూ బిగించిన చిన్న నల్ల డబ్బా అక్కడ దొరకడం నేను చూశాను. యాప్‌లో ఏం మార్చినా దానికి తెలియదు. ఇక అద్దం మీద ఫాస్టాగ్ ఇంకా ఆయనదేనా? అయితే మీరు విశాఖ వెళ్లినప్పుడల్లా మడపాం, నాతవలస టోల్‌గేట్లు దాటగానే ఆయన ఫోనుకు టైముతో సహా ఎస్ఎంఎస్ వెళ్తూనే ఉంటుంది, డబ్బు కూడా ఆయనదే పోతుంది. ఆయన చేత దాన్ని మూయించి, మీది అతికించుకోండి.