హిమాలయాల్లో అగ్నిపర్వతాలు ఎందుకు లేవు?

ప్రశ్న: పలకల సరిహద్దులు మూడు రకాలని తెలుసు. కానీ దేని దగ్గర ఏ భూస్వరూపం వస్తుందో ఎగ్జామ్‌లో కలిసిపోతోంది. పలకలు గుద్దుకునే చోట అగ్నిపర్వతాలు వస్తాయంటారు, మరి హిమాలయాల్లో ఎందుకు లేవు?

జవాబు: హనుమకొండలో గ్రూప్స్ పిల్లలకు జాగ్రఫీ చెప్తాను. పేపర్లు దిద్దేటప్పుడు ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. పట్టిక బట్టీ పట్టే బదులు భారత పలక బొమ్మ ఒకటి గీసి, దాని అంచు వెంట తిరగండి. మూడు రకాలూ దాని చుట్టూనే ఉన్నాయి.

ఉత్తరాన అది యురేషియా పలకను గుద్దుతోంది. రెండువైపులా ఉన్నది ఖండపు పటలం. అది తేలిక, పైగా మందం, అందుకే మాంటిల్ లోతుల్లోకి దిగిపోదు. నలిగి, మడతలు పడి, పొరల మీద పొరలుగా పైకి లేస్తుంది. ఈ పని దాదాపు 5 కోట్ల ఏళ్లుగా నడుస్తోంది. టిబెట్ కింద పటలం మందం సుమారు 70 కి.మీ., అంటే మామూలు ఖండానికి దాదాపు రెట్టింపు.

ఇప్పుడు తూర్పున అండమాన్ వైపు రండి. పలక అదే, కానీ ఇక్కడ కిందికి దిగుతున్నది బసాల్ట్‌తో ఏర్పడిన బరువైన సముద్రపు పటలం. అది వంగే చోట ట్రెంచ్ ఏర్పడుతుంది. సుమారు 100 కి.మీ. లోతుకు చేరేసరికి దాని ఖనిజాల్లోని నీరు బయటపడి, పైనున్న మాంటిల్ రాయిలోకి చేరుతుంది. నీరు చేరిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. ఆ మాగ్మా పైకి వచ్చిన చోటే బారెన్ ద్వీపం, మన దేశంలో ఉన్న ఒకే ఒక్క క్రియాశీల అగ్నిపర్వతం. 2004 సునామీ పుట్టిందీ ఈ అంచు మీదే.

కాబట్టి గుద్దుకోవడం ఒక్కటే చాలదు. నీటిని మోసుకుని లోతుకు దిగే సముద్రపు పటలం ఉండాలి. హిమాలయాల దగ్గర ఒకప్పుడు అదీ ఉండేది. టెథిస్ సముద్రపు అడుగు యురేషియా కిందికి దిగుతున్నప్పటి మాగ్మా గడ్డకట్టి, ఇప్పుడు లద్దాఖ్‌లో గ్రానైట్‌గా కనిపిస్తుంది. సముద్రం మూసుకుపోయాక ఆ సరఫరా ఆగింది. ఆండీస్ కింద నాజ్కా పలక ఇంకా దిగుతూనే ఉంది, అందుకే అక్కడ అగ్నిపర్వతాలు ఉన్నాయి.

మిగతా రెండు అంచులు సులువు. నైరుతిలో కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ దగ్గర పలకలు విడిపోతూ కొత్త సముద్రపు అడుగు పుడుతోంది. వాయవ్యంలో చమన్ భ్రంశం వెంట పలకలు ప్రధానంగా పక్కపక్కన రాసుకుంటూ జారుతున్నాయి. అక్కడ పటలం పుట్టదు, నశించదు. భూకంపాలు మాత్రం వస్తాయి.

2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చి వరంగల్ దాకా ఊగినప్పటి నుంచి, మన దగ్గర కూడా పలక సరిహద్దు ఉందా అని క్లాసులో అడుగుతున్నారు. లేదు. గోదావరి లోయ పలక లోపలి పాత పగులు లోయ. సింగరేణి బొగ్గు పొరలు దాంట్లో పేరుకున్నవే. పరీక్షలో దాన్ని పలక అంతర్గత భూకంపం అనే రాయండి.