వాట్సాప్ గ్రూపులో పిన్ చేసిన మెసేజ్ దానంతటదే ఎందుకు పోతుంది?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పిన్ చేసిన మెసేజ్ వారం తిరిగేసరికి కనిపించడం లేదు. ఎవరైనా తీసేస్తున్నారా? అసలు ఎన్ని పిన్ చేయొచ్చు, ఎవరు చేయొచ్చు?

ఎవరూ తీసి ఉండరండి, గడువు అయిపోయి ఉంటుంది. పిన్ చేసేటప్పుడు 24 గంటలా, 7 రోజులా, 30 రోజులా అని అడుగుతుంది. ముందుగానే 7 రోజుల మీద టిక్ పడి ఉంటుంది కాబట్టి మనం చూడకుండా Pin నొక్కేస్తాం. నేనూ అదే చేశాను. మా 40 ఫ్లాట్ల లెక్కలు చూసేది నేనే. మెయింటెనెన్స్‌కి కొత్త బ్యాంకు అకౌంట్ తెరిచాక ఆ నంబరు 1వ తేదీ సాయంత్రం పిన్ చేశాను. కట్టడానికి ఆఖరు తేదీ 10. పిన్ 8వ తేదీ సాయంత్రానికే పోయింది. మావాళ్ళలో సగం మంది 9, 10 తేదీల్లో గానీ కదలరు. పైన ఏమీ కనిపించకపోయేసరికి నలుగురు పాత అకౌంటుకే పంపేశారు.

తర్వాతి నెల 30 రోజులు పెట్టి నిశ్చింతగా ఉన్నాను. ఈసారి వేరే తంటా వచ్చింది. ఒక గ్రూపులో ఒకేసారి మూడు పిన్‌లే ఉంటాయి. నాలుగోది పెడితే అన్నిటికంటే పాతదాన్ని తీసేస్తుంది. అప్పటికే అకౌంట్ నంబరు, లిఫ్ట్ మెకానిక్ నంబరు, ట్యాంకర్ వేళలు పిన్ చేసి ఉన్నాయి. మూడో అంతస్తు కుర్రాడు వినాయక చవితి లడ్డూ వేలం పోస్టర్ పిన్ చేశాడు. పోయింది ఏది? అకౌంట్ నంబరే. పిన్ చేసినవాళ్ళ పేరు చాట్ మధ్యలో చిన్న అక్షరాల్లో వస్తుంది కాబట్టి ఎవరి పనో తెలిసింది. అతన్ని అనడానికేం లేదు, గ్రూపు సెట్టింగ్ మార్చకుండా వదిలేసింది నేనే.

ఆ సెట్టింగ్ అడ్మిన్ చేతిలోనే ఉంటుంది. గ్రూపు పేరు మీద నొక్కి Group permissionsలోకి వెళ్తే Edit group settings అని ఉంటుంది. అది ఆఫ్ చేస్తే అడ్మిన్లు మాత్రమే పిన్ చేయగలరు. అయితే గ్రూపు పేరు, ఫోటో, వివరణ మార్చే వీలు కూడా దానితోపాటే సభ్యులకు పోతుంది. పిన్ ఒక్కదాన్నే విడిగా ఆపలేం. మా దగ్గర దానిమీద ఓ రోజంతా అలకలు నడిచాయి లెండి.

ఇంకొకటి, కొత్తగా అద్దెకు దిగినవాళ్ళను గ్రూపులో చేర్చితే, వాళ్ళు రాకముందు పంపిన మెసేజ్ పిన్ చేసి ఉన్నా వాళ్ళకు కనిపించదు. అందుకే నేను పాతదాన్నే మళ్ళీ పిన్ చేయను. ప్రతి నెలా 1న అకౌంట్ వివరాలు కొత్తగా పంపి, దాన్ని 30 రోజులకు పిన్ చేస్తాను. లిఫ్ట్ మెకానిక్ నంబరులా ఎప్పటికీ మారనివి గ్రూపు వివరణలో రాసేశాను. దానికి గడువు లేదు, పైగా ఒక పిన్ ఖాళీగా మిగిలింది. ఈసారి లడ్డూ పోస్టర్ అందులో నేనే పెట్టాను, 24 గంటలకు.