డేటా ఎంట్రీ పనికి ఫీజు కట్టమంటే కట్టాలా?

ప్రశ్న: మాది రాయగడ. డిగ్రీ అయింది, ఇంగ్లీష్ బాగా వస్తుంది, లాప్‌టాప్ ఉంది. ఫారిన్ కంపెనీకి డేటా ఎంట్రీ అని చెప్పి 2,500 రిజిస్ట్రేషన్ ఫీజు అడుగుతున్నారు. కట్టొచ్చా? లేకపోతే ఇంట్లోంచి విదేశీ క్లయింట్లకి పని ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: దయచేసి కట్టకండి. అందులో ఫీజు చిన్న భాగమే, అసలు దెబ్బ తర్వాత తగులుతుంది. ముందు ఒక అగ్రిమెంట్ మీద సంతకం పెట్టించుకుంటారు. వందల పేజీలు టైప్ చేయమని తక్కువ గడువు ఇస్తారు. పూర్తిచేసి పంపాక, తప్పులు ఎక్కువున్నాయని ఒక రిపోర్టు వస్తుంది. ఆ వెంటనే లాయర్ పేరుతో నోటీసు, నష్టపరిహారం కట్టకపోతే కోర్టుకి లాగుతామని ఫోన్లు. భయపడి ఒకసారి కట్టినవాళ్లని మళ్లీ అడుగుతారు. మీరు ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే రూపాయి కూడా పంపొద్దు. మెసేజ్‌లన్నీ దాచుకుని 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి.

నిజమైన డేటా ఎంట్రీ పని కూడా ఉంది కానీ, దానికి పోటీ విపరీతం, డబ్బు తక్కువ. మీకు ఇంగ్లీష్ బాగా వచ్చు కాబట్టి ఈమెయిల్ కస్టమర్ సపోర్ట్ వైపు చూడండి. నేను పర్లాకిమిడిలో ఇంట్లోంచే ఈ పని చేస్తున్నాను. అమెరికాలో షాపిఫై అనే ఆన్‌లైన్ దుకాణాల వేదిక మీద చిన్న చిన్న దుకాణాలు నడిపేవాళ్లకి కస్టమర్ల మెయిల్స్ చూసుకునే తీరిక ఉండదు. ఫోన్ మాట్లాడక్కర్లేదు, యాస గురించి టెన్షన్ ఉండదు.

పని ఎలా ఉంటుందో ఒక మెయిల్ తీసుకుని చెబుతాను. 'ట్రాకింగ్‌లో డెలివరీ అయిందని ఉంది, నాకు పార్సిల్ రాలేదు' అని కస్టమర్ రాశారనుకోండి. కొత్తవాళ్లు 'క్షమించండి, పరిశీలిస్తాం' అని జవాబిస్తారు. దాని వల్ల రెండో మెయిల్, మూడో మెయిల్ వస్తాయి తప్ప పని తెమలదు. నేను ముందు ఆర్డర్ తెరిచి అడ్రస్ సరిచూస్తాను, అపార్ట్‌మెంట్ నంబర్ లేకుండా ఆర్డర్ పెట్టేవాళ్లు చాలామంది. తర్వాత డెలివరీ తేదీ, కొరియర్ వాళ్లు తీసిన ఫోటో ఉందా అన్నది చూస్తాను. పార్సిల్ ఇంటికి చేరకముందే డెలివరీ అయిందని నమోదు కావడం అక్కడ మామూలే. అందుకని పొరుగువాళ్లని అడగమని, రెండు పనిరోజులు ఆగమని, ఫలానా తేదీన నేనే మళ్లీ రాస్తానని ఒకే మెయిల్‌లో చెబుతాను. అప్పటికీ రాకపోతే కొరియర్ దగ్గర క్లెయిమ్ వేసి, యజమాని ముందే చెప్పిన నియమం ప్రకారం ఇంకొకటి పంపించడమో, డబ్బు వాపసు ఇవ్వడమో చేస్తాను. ఎంత మొత్తం వరకు మనమే నిర్ణయించవచ్చో మొదటి రోజే అడిగి రాయించుకోవాలి.

జవాబు ఆలస్యమైతే కస్టమర్ నేరుగా తన బ్యాంకుకి ఫిర్యాదు చేస్తాడు. దాన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. అందులో ఓడిపోతే దుకాణానికి సరుకూ పోతుంది, డబ్బూ పోతుంది, పైగా ఫీజు పడుతుంది. మనకి జీతం ఇచ్చేది ఇది జరగకుండా చూసినందుకే.

కాబట్టి అనుభవం లేదని ఆగిపోకండి. ఇప్పుడు చెప్పిన మెయిల్‌కి ఒక జవాబు, సైజు మార్చమన్నవాళ్లకి ఒకటి, గడువు దాటాక రిటర్న్ అడిగినవాళ్లకి మర్యాదగా కాదని చెబుతూ ఒకటి, ఇంగ్లీష్‌లో రాసి ఒక గూగుల్ డాక్‌లో పెట్టండి. విదేశీ క్లయింట్ల ఫ్రీలాన్స్ పనులు దొరికే అప్‌వర్క్ వెబ్‌సైట్‌లో అప్లై చేసేటప్పుడు ఆ లింకు ఇవ్వండి. సర్టిఫికెట్ల కన్నా యజమానులు దాన్నే చదువుతారు.

కాంట్రాక్ట్ మొదలవకముందే టెలిగ్రామ్‌కి రమ్మనేవాళ్లని వదిలేయండి. గంటల లెక్కన పని అయితే అప్‌వర్క్ డెస్క్‌టాప్ యాప్ ఆన్‌లో పెట్టి చేయండి. అది మధ్యమధ్యలో స్క్రీన్ ఫోటో తీస్తుంది. యాప్ లేకుండా మనమే నమోదు చేసుకున్న గంటలకి అప్‌వర్క్ పేమెంట్ రక్షణ వర్తించదు. ఒకే మొత్తానికి మాట్లాడుకున్న పని అయితే క్లయింట్ ఎస్క్రోలో, అంటే పని అయ్యేదాకా డబ్బు పట్టి ఉంచే ఖాతాలో, డబ్బు వేశాకే మొదలుపెట్టండి. గంటల పనికి, వారం ముగిశాక డబ్బు చేతికి రావడానికి ఇంకో పది రోజులు పడుతుంది. మొదటి నెల ఖర్చులకి దాని మీద లెక్క వేసుకోవద్దు.

న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది అంటే మనకి వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. మన వైపు గాలివానకి కరెంటు పోయేదీ చాలాసార్లు ఆ వేళకే. రౌటర్‌కి చిన్న యూపీఎస్, వేరే కంపెనీ సిమ్ ఒకటి ముందే ఉంచుకోండి. విదేశీ డబ్బు జమ అయిన ప్రతిసారీ అది విదేశం నుంచి వచ్చిందని చూపే కాగితం బ్యాంకుని అడిగి దాచండి, ఐటీ రిటర్న్ వేసేటప్పుడు పనికొస్తుంది.